ఇద్దరు దోస్తులు, ఒక షాపు: పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో ఒక్క పేరా లేకపోతే రెండు లక్షల పన్ను

ఒకరిది జగ్గయ్యపేట, ఇంకొకరిది నందిగామ. ఇద్దరూ చిన్నప్పటి నుంచి దోస్తులు. హైదరాబాద్–విజయవాడ హైవే మీద తిరిగే లారీలకు, సిమెంటు ఫ్యాక్టరీల లోడు కోసం వచ్చే లారీలకు విడిభాగాలు అమ్మే షాపు పెట్టాలనుకున్నారు. పేట ఆయన 6 లక్షలు, నందిగామ ఆయన 4 లక్షలు పెట్టారు. ఇద్దరూ రోజూ షాపులో కూర్చుంటారు. డీడ్ రాయించడానికి వెళ్తే టైపిస్టు ఒక పాత నమూనా తీసి పేర్లు మార్చి ఇచ్చాడు. అందులో ఒకచోట "పెట్టుబడి మీద 12 శాతం వడ్డీ" అని ఉంది. పేట ఆయన అక్కడ ఆగిపోయాడు. "భాయ్, సూద్ మాకు వద్దు. కానీ ఇది తీసేస్తే ఇన్‌కమ్ ట్యాక్స్‌లో నష్టపోతామా?"

ఇలాంటి ప్రశ్న చాలా ఇళ్లలో వస్తుంది కాబట్టి ఈ షాపు లెక్కతోనే జవాబు చూద్దాం. పేర్లు అక్కర్లేదు, పేట పార్ట్‌నర్, నందిగామ పార్ట్‌నర్ అనుకుంటే చాలు. అంకెలు అర్థం కావడానికి గుండ్రంగా తీసుకున్నాను. ఏడాది అమ్మకం 75 లక్షలు, అద్దె, కుర్రాళ్ల జీతాలు, కరెంటు అన్నీ పోగా లాభం 9 లక్షలు. ఈ 9 లక్షల్లో ఇంకా పార్ట్‌నర్లకు ఏమీ ఇవ్వలేదు. లెక్క 2025-26 ఆర్థిక సంవత్సరానిది, 1961 ఆదాయపు పన్ను చట్టం ప్రకారం. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 చట్టంలో సెక్షన్ నంబర్లు వేరుగా ఉంటాయి. ఆ తర్వాతి లెక్కలకు నంబర్లు అక్కడ చూసుకోవాలి.

ఫర్మ్ వేరు, పార్ట్‌నర్ వేరు

మనం షాపు మాదే కదా అనుకుంటాం. పన్ను శాఖ మాత్రం ఫర్మ్‌ను వేరే మనిషిలా చూస్తుంది. ఫర్మ్‌కు వేరే పాన్ ఉంటుంది, వేరే రిటర్న్ ఉంటుంది. మనిషికి ఉన్నట్టు ఇంతవరకు పన్ను లేదు అనే శ్లాబు ఫర్మ్‌కు లేదు. మొదటి రూపాయి నుంచే 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. రెండూ కలిపితే 31.2 శాతం.

ఫర్మ్ పన్ను కట్టాక మిగిలిన లాభాన్ని పార్ట్‌నర్లు పంచుకుంటే, ఆ వాటా మీద పార్ట్‌నర్ చేతిలో మళ్లీ పన్ను లేదు. సెక్షన్ 10(2ఏ) దాన్ని మినహాయించింది. ఒకే లాభం మీద రెండుసార్లు పన్ను పడకూడదనే ఈ ఏర్పాటు.

జీతం, వడ్డీ మాత్రం వేరే దారిలో పోతాయి. ఫర్మ్ పార్ట్‌నర్‌కు ఇచ్చే జీతాన్ని, పెట్టుబడి మీద ఇచ్చే వడ్డీని ఒక హద్దు వరకు ఫర్మ్ ఖర్చుగా రాసుకోవచ్చు. ఆ మేరకు ఫర్మ్ పన్ను తగ్గుతుంది. ఆ డబ్బు పార్ట్‌నర్ ఆదాయంలో కలుస్తుంది. పార్ట్‌నర్ మనిషి కాబట్టి అతనికి శ్లాబులు ఉన్నాయి. కొత్త పన్ను విధానంలో 4 లక్షల వరకు పన్నే లేదు, మొత్తం ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల కట్టాల్సింది సున్నా. 31.2 శాతం పడే చోటు నుంచి సున్నా పడే చోటుకు డబ్బు చట్టబద్ధంగా వెళ్లే దారి ఇదే. ఆ దారి తెరిచేది డీడ్‌లోని పేరా.

డీడ్‌లో రాయకపోతే

1932 పార్ట్‌నర్‌షిప్ చట్టం సెక్షన్ 13 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే పార్ట్‌నర్‌కు జీతం అడిగే హక్కే లేదు. లాభనష్టాలు సమానం. ఆదాయపు పన్ను సెక్షన్ 40(బి) కూడా డీడ్ అనుమతిస్తేనే జీతాన్ని ఖర్చుగా ఒప్పుకుంటుంది. అంటే డీడ్‌లో జీతం మాట లేకపోతే, నెలనెలా మీరు తీసుకున్నది జీతం అని మీరు ఎంత చెప్పినా లాభం చెక్కుచెదరదు.

మన షాపు లెక్క: పన్ను పడే ఆదాయం 9,00,000. పన్ను 2,70,000, సెస్సు 10,800. కట్టాల్సింది 2,80,800. మిగిలింది 6,19,200 రూపాయలు.

డీడ్‌లో జీతం రాస్తే, వడ్డీ రాయకపోతే

జీతానికి హద్దు "బుక్ ప్రాఫిట్" మీద లెక్కిస్తారు. బుక్ ప్రాఫిట్ అంటే పార్ట్‌నర్ల జీతం తీయకముందు, వడ్డీ ఏదైనా ఉంటే అది తీసేశాక మిగిలే లాభం. మొదటి 6 లక్షల బుక్ ప్రాఫిట్ మీద 90 శాతం లేదా 3 లక్షలు, ఏది ఎక్కువైతే అది. ఆపై మిగిలిన లాభం మీద 60 శాతం. ఇది పార్ట్‌నర్లందరికీ కలిపి, ఒక్కొక్కరికి కాదు.

ఇక్కడ వడ్డీ లేదు కాబట్టి బుక్ ప్రాఫిట్ 9 లక్షలే. మొదటి 6 లక్షల్లో 90 శాతం 5,40,000. మిగతా 3 లక్షల్లో 60 శాతం 1,80,000. మొత్తం 7,20,000. ఇద్దరికీ సమానంగా పంచితే తలా 3,60,000, అంటే నెలకు 30,000.

ఫర్మ్‌కు మిగిలేది 1,80,000. దాని మీద పన్ను 54,000, సెస్సు 2,160, మొత్తం 56,160. పార్ట్‌నర్లిద్దరికీ వేరే ఆదాయం లేకపోతే 3,60,000 మీద వాళ్లు కట్టాల్సింది ఏమీ లేదు. ఇంతకు ముందు 2,80,800 కట్టారు, ఇప్పుడు 56,160. తేడా 2,24,640 రూపాయలు. రెండు సందర్భాల్లోనూ షాపు అదే, లాభం అదే. మారింది డీడ్‌లో ఒక్క పేరా.

పార్ట్‌నర్‌కు అద్దెలో, ఇంకో వ్యాపారంలో వేరే ఆదాయం ఉంటే ఈ జీతం దానితో కలుస్తుంది. అప్పుడు శ్లాబు ప్రకారం కొంత పన్ను పడొచ్చు. ఒక పొరపాటు మాత్రం చాలామంది చేస్తారు. పేరు జీతమే అయినా చట్టం దృష్టిలో ఇది వ్యాపార ఆదాయం. ఉద్యోగులకు ఇచ్చే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ దీనికి రాదు. పార్ట్‌నర్ వేయాల్సింది ఐటీఆర్-3, ఉద్యోగి వేసే ఐటీఆర్-1 కాదు. ఫర్మ్ రిటర్న్ ఐటీఆర్-5.

ఇప్పుడు అసలు ప్రశ్న: సూద్ పేరా తీసేస్తే ఎంత నష్టం?

చట్టం చెప్పేది ఇంతే: పెట్టుబడి మీద ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ వరకు ఖర్చుగా ఒప్పుకుంటాం, అంతకు మించితే ఒప్పుకోం. అది పైహద్దు మాత్రమే. వడ్డీ ఇవ్వాలని ఎక్కడా లేదు. డీడ్‌లో "పెట్టుబడి మీద వడ్డీ ఉండదు" అని రాసుకోవడం పూర్తిగా చట్టబద్ధం. ఏ అధికారీ దాన్ని తప్పు పట్టడు.

వడ్డీ రాసుకుంటే లెక్క ఎలా ఉంటుందో చూడండి. 10 లక్షల పెట్టుబడి మీద 12 శాతం 1,20,000. అది తీసేస్తే బుక్ ప్రాఫిట్ 7,80,000. ఇప్పుడు జీతం హద్దు కూడా తగ్గుతుంది. 5,40,000కు, మిగతా 1,80,000లో 60 శాతం 1,08,000 కలిపితే 6,48,000. ఫర్మ్‌కు మిగిలేది 1,32,000. పన్ను 39,600, సెస్సు 1,584, మొత్తం 41,184.

వడ్డీ లేకుండా 56,160, వడ్డీతో 41,184. తేడా 14,976 రూపాయలు. ఇద్దరి మధ్య ఏడాదికి పదిహేను వేల లోపు. వడ్డీ పేరా తీసేస్తే పన్నులో మునిగిపోతాం అని భయపెట్టేవాళ్లు ఈ లెక్క వేసి ఉండరు.

ఇంత తక్కువ ఎందుకంటే, వడ్డీగా వంద రూపాయలు తీస్తే బుక్ ప్రాఫిట్ వంద తగ్గుతుంది, దానితో జీతం హద్దు అరవై తగ్గుతుంది. చివరికి ఫర్మ్ ఆదాయం తగ్గేది నలభై మాత్రమే. లాభం 6 లక్షల లోపు ఉంటే జీతం హద్దు తొంభై తగ్గుతుంది, అంటే ఫర్మ్‌కు కలిసొచ్చేది వందకు పది రూపాయలే. చిన్న షాపుకు వడ్డీ వల్ల వచ్చే పన్ను ఆదా ఇంకా చిన్నది. అయితే డీడ్‌లో జీతం పేరా ఉన్నప్పుడే ఈ మాట నిజం. జీతం లేకుండా వడ్డీ ఒక్కటే తీసేస్తే నష్టం పెద్దదే.

మరి ఎక్కువ పెట్టుబడి పెట్టినవాడి సంగతి?

పేట పార్ట్‌నర్ 2 లక్షలు ఎక్కువ పెట్టాడు. వడ్డీ ఉంటే అతనికి 72,000, నందిగామ పార్ట్‌నర్‌కు 48,000 వచ్చేది. తేడా 24,000. వడ్డీ వద్దనుకుంటే ఈ తేడా ఎలా పూడ్చాలి?

లాభం వాటాను పెట్టుబడి లెక్కన 60:40గా రాసుకోవచ్చు. జీతాలు, పన్ను పోగా ఫర్మ్‌లో మిగిలింది 1,23,840. అందులో 60 శాతం 74,304, 40 శాతం 49,536. తేడా 24,768. వడ్డీతో వచ్చే తేడాకు దాదాపు సమానం, అదీ పార్ట్‌నర్ చేతిలో పన్ను లేకుండా.

కానీ ఇది ఈ ఏడాది లాభానికి కుదిరిన లెక్క. లాభం 15 లక్షలు అయితే వాటా పెరుగుతుంది, 4 లక్షలకు పడిపోతే తగ్గుతుంది. 12 శాతం అయితే రేటు ముందే కట్టేసినట్టు. వాటా అయితే షాపుతో పాటు పెరుగుతుంది, షాపుతో పాటు తగ్గుతుంది. ముషారకా అని మన పెద్దలు చెప్పేది ఈ తేడా గురించే. నష్టం వస్తే ఎవరు ఎంత భరించాలన్నది కూడా డీడ్‌లో విడిగా రాయండి. ఏమీ రాయకపోతే 1932 చట్టం ప్రకారం ఇద్దరూ సమానంగా భరించాలి. 4 లక్షలు పెట్టినవాడు, 6 లక్షలు పెట్టినవాడు నష్టంలో సగం సగం. షరియత్ ప్రకారం నష్టం పెట్టుబడి నిష్పత్తిలోనే పోవాలంటారు కాబట్టి, 60:40 అని స్పష్టంగా ఉండటం మంచిది.

ఇంకో చిన్న కంత ఉంది. అదే సెక్షన్ 13 ప్రకారం, ఒప్పుకున్న పెట్టుబడికి మించి పార్ట్‌నర్ ఫర్మ్‌కు అడ్వాన్సు ఇస్తే, దాని మీద ఏడాదికి 6 శాతం వడ్డీ అడిగే హక్కు ఉంటుంది. సూద్ పూర్తిగా వద్దనుకుంటే "పెట్టుబడి మీద గానీ, అడ్వాన్సు మీద గానీ వడ్డీ ఉండదు" అని రెండూ రాయాలి. పార్ట్‌నర్‌గా ఉంటూ జీతం తీసుకోవడం గురించి ఉలమాల మధ్య వేరువేరు అభిప్రాయాలు ఉన్నాయి. అది మీకు నమ్మకమున్న ముఫ్తీ సాబ్‌ను అడగండి. పన్ను లెక్క వరకే నా పని.

జీతం పేరా ఎలా ఉండాలి

చాలా డీడ్లు ఇక్కడే చెడిపోతాయి. "పార్ట్‌నర్లు ఎప్పటికప్పుడు అనుకున్నంత జీతం తీసుకోవచ్చు" అని రాస్తారు. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 1996 మార్చిలో ఇచ్చిన 739 నంబరు సర్క్యులర్ ప్రకారం, డీడ్‌లో జీతం మొత్తమైనా ఉండాలి, లేదా దాన్ని లెక్కించే పద్ధతైనా ఉండాలి. "తర్వాత మాట్లాడుకుంటాం" అనే పేరాతో జీతం ఖర్చుగా నిలబడదు.

రెండో ఇబ్బంది పాత నమూనా. 2024-25కు ముందు హద్దు మొదటి 3 లక్షల మీద 90 శాతం లేదా 1,50,000, మిగతా దాని మీద 60 శాతం. ఆ అంకెలు ఉన్న డీడ్లు ఇప్పటికీ కంప్యూటర్లలో తిరుగుతున్నాయి. మన షాపు ఆ అంకెలతో సంతకం పెడితే జీతం 2,70,000కు 3,60,000 కలిపి 6,30,000 దగ్గర ఆగిపోతుంది. చట్టం 7,20,000 ఒప్పుకుంటున్నా డీడ్ ఒప్పుకోదు. 90,000 రూపాయల మీద 31.2 శాతం, అంటే ఏడాదికి 28,080 ఊరికే పోతుంది. డీడ్ చేతికి రాగానే "1,50,000" అనే అంకె ఉందేమో వెతకండి. ఉంటే అది పాతది.

పేరా సారాంశం ఇలా ఉండొచ్చు: "ఇద్దరూ వర్కింగ్ పార్ట్‌నర్లు. మొదటి 6 లక్షల బుక్ ప్రాఫిట్ మీద 3 లక్షలు లేదా 90 శాతం, ఏది ఎక్కువైతే అది, మిగతా బుక్ ప్రాఫిట్ మీద 60 శాతం, ఇద్దరికీ సమానంగా జీతంగా చెల్లించాలి. చట్టంలో హద్దు మారితే అప్పటి హద్దు వర్తిస్తుంది."

డీడ్ తేదీకి ముందు కాలానికి జీతం ఒప్పుకోరు. ఏప్రిల్‌లో షాపు తెరిచి అక్టోబరులో డీడ్ రాస్తే ఆ ఆరు నెలల జీతం పోయినట్టే. ఇంట్లో వాళ్ల పేరు పార్ట్‌నర్‌గా పెట్టి జీతం రాద్దామనే ఆలోచన కూడా జాగ్రత్త. షాపు పనిలో నిజంగా పాల్గొనేవాళ్లకే జీతం చెల్లుతుంది. పేరుకు మాత్రమే ఉన్న పార్ట్‌నర్‌కు లాభంలో వాటా ఇవ్వొచ్చు, జీతం మాత్రం ఒప్పుకోరు.

కొత్తగా వచ్చిన టీడీఎస్

2025 ఏప్రిల్ 1 నుంచి సెక్షన్ 194టీ వచ్చింది. పార్ట్‌నర్‌కు జీతం, బోనస్, కమీషన్, వడ్డీ అన్నీ కలిపి ఏడాదిలో 20,000 దాటితే ఫర్మ్ 10 శాతం టీడీఎస్ కోయాలి. చేతికి ఇచ్చినా, పుస్తకంలో అతని ఖాతాకు జమ రాసినా, ఏది ముందైతే అప్పుడు. లాభం వాటా మీద ఇది లేదు.

మన షాపులో ఇద్దరూ నెలకు 25,000 చొప్పున తీసుకుంటారు అనుకోండి. మొదటి నెలే 20,000 దాటింది. కాబట్టి ప్రతి నెలా తలా 2,500 కోసి, చేతికి 22,500 తీసుకోవాలి. కోసిన డబ్బు వచ్చే నెల 7లోగా కట్టాలి. మార్చి 31న పుస్తకాలు ముగించాక జీతం 3,60,000 అని తేలింది. 3 లక్షలు ఇదివరకే ఇచ్చారు. మిగతా 60,000 జమ రాస్తూ 6,000 కోసి, ఏప్రిల్ 30లోగా కట్టాలి. మొత్తం తలా 36,000. అసలు పన్ను సున్నా కాబట్టి, పార్ట్‌నర్ రిటర్న్ వేస్తే ఈ 36,000 తిరిగి బ్యాంకులో పడుతుంది. రిటర్న్ వేయకపోతే అక్కడే ఉండిపోతుంది.

దీనికి ఫర్మ్ టాన్ నంబరు తీసుకోవాలి, మూడు నెలలకోసారి 26క్యూ దాఖలు చేయాలి. కోయడం మరిచిపోతే నెలకు 1 శాతం, కోసి కట్టకపోతే నెలకు 1.5 శాతం వడ్డీ పడుతుంది. పైగా ఆ జీతంలో 30 శాతాన్ని ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోకపోవచ్చు. సూద్ వద్దని డీడ్‌లో పేరా తీసేసి, టీడీఎస్ ఆలస్యానికి వడ్డీ కట్టుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

"6 శాతం చూపించేద్దాం" అనే ముందు

చివరిగా ఒక మాట. పుస్తకాలు రాయడం బరువని సెక్షన్ 44ఏడీ కింద వెళ్దామని చాలామంది సలహా ఇస్తారు. బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకం మీద కనీసం 6 శాతం, నగదు అమ్మకం మీద 8 శాతం లాభం చూపిస్తే చాలు. ఒక్కడే నడిపే షాపుకు ఇది సుఖం. ఫర్మ్‌కు మాత్రం ఒక చిక్కు ఉంది. అలా చూపించిన లాభంలోంచి పార్ట్‌నర్ల జీతం, వడ్డీ తీయడానికి లేదు. అవి అందులోనే కలిసి ఉన్నట్టు చట్టం అనుకుంటుంది.

75 లక్షలూ బ్యాంకు ద్వారానే వచ్చాయనుకుందాం. 6 శాతం అంటే 4,50,000. దాని మీద 31.2 శాతం 1,40,400. పుస్తకాలు సరిగ్గా రాసి, నిజమైన 9 లక్షల లాభం చూపించి, జీతం తీస్తే కట్టాల్సింది 56,160. సగం లాభం చూపించినవాడు రెండున్నర రెట్లు పన్ను కట్టినట్టయింది. ఒకసారి 44ఏడీలోకి వెళ్లి ఐదేళ్లలోపు బయటికొస్తే ఆడిట్ కూడా మీద పడొచ్చు. కాబట్టి మొదటి రిటర్న్ వేసే ముందే ఆడిటర్‌తో ఈ రెండు లెక్కలూ పక్కపక్కన వేయించుకోండి.

మన ఇద్దరు దోస్తుల డీడ్‌లో చివరికి నాలుగు మార్పులు కావాలి. వడ్డీ పేరా తీసి "వడ్డీ ఉండదు" అని రాయాలి. జీతం పేరాలో 6 లక్షల అంకెలు రావాలి. లాభం, నష్టం రెండూ 60:40 అని ఉండాలి. షాపు తెరిచే రోజుకు ముందు తేదీతో ఇద్దరి సంతకాలు పడాలి. అప్పు రాసుకోండి, సాక్షులను పెట్టుకోండి అని సూరా బఖరాలో పొడుగాటి ఆయత్ ఉన్న సంగతి మనకు తెలుసు. దోస్తీలో రాతలెందుకు అని మొహమాటపడి వదిలేస్తే, ఈ షాపు లెక్కలో ఆ మొహమాటం ఖరీదు ఏడాదికి 2,24,640 రూపాయలు.